అప్‌డేట్: "మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు" హెచ్చరికకు కారణం దొరికింది

నా ప్రశ్న: "పర్లాకిమిడిలో మా దుకాణం కంప్యూటర్‌లో ఏ సైటు తెరిచినా ఈ హెచ్చరికే వస్తోంది. పట్టించుకోకుండా ముందుకు వెళ్లవచ్చా?"

సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. కింది సమాధానాల్లో కంప్యూటర్ గడియారం చూడమన్నవారి మాటే నిజమైంది. తెర మీద NET::ERR_CERT_DATE_INVALID అని ఉండగా, కంప్యూటర్ తేదీ 2015 జనవరి 1 చూపిస్తోంది. సైటు అసలుదేనని బ్రౌజర్‌కు రుజువు చూపే సర్టిఫికెట్‌కు చెల్లుబాటు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రెండూ ఉంటాయి కనుక, నిరుడు జారీ అయినది కూడా మా కంప్యూటర్‌కు ఇంకా పుట్టని సర్టిఫికెట్‌గా కనిపించింది. తేదీ సరిచేస్తే సైట్లు తెరుచుకున్నాయి గానీ, రాత్రి కరెంటు పోయి వచ్చాక మళ్లీ 2015కే వెళ్లింది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది CR2032 బటన్ బ్యాటరీ మెకానిక్ అయిపోయిందని చూపించి మార్చారు. రెండు వారాలుగా ఇబ్బంది లేదు. కాషే తుడవడం, రౌటర్ రీసెట్ చేయడం వృథా శ్రమే అయ్యాయి.

ముందుకు వెళ్లడం గురించి: అన్ని సైట్లకూ వస్తే ముందు మన తేదీని అనుమానించాలి, అయినా తేదీ సరిచేయాలే తప్ప హెచ్చరికను దాటకూడదు, ఎందుకంటే దాటితే అసలు సైటుకూ నకిలీకీ తేడా బ్రౌజర్ నిర్ధారించలేదు. తేదీ సరిగ్గానే ఉండి, బయటి వైఫైలో బ్యాంకు సైటుకు, సర్టిఫికెట్ జారీ చేసినవారిని బ్రౌజర్ నమ్మడం లేదని చెప్పే NET::ERR_CERT_AUTHORITY_INVALID వస్తే, మధ్యలో ఎవరో తమ సర్టిఫికెట్ చూపుతూ ఉండవచ్చు. అక్కడ పాస్‌వర్డ్ కొట్టకూడదు.