చివరి పరీక్షలకు ఎక్కువ వెయిటేజీ ఇవ్వడం న్యాయమేనా?

సైన్స్ టీచర్ (ప్రశ్న): మా నాలుగు పరీక్షలకు వరుసగా 1, 2, 3, 4 వెయిటేజీ ఇవ్వాలనుకుంటున్నాం. మొదట్లో తడబడిన పిల్లలకు ఇది మేలే కదా? ఎవరైనా అమలు చేసి చూశారా?

లెక్కల మాస్టారు: రెండేళ్లుగా చేస్తున్నానండి. 40, 50, 60, 80 తెచ్చుకున్న విద్యార్థికి మీ పద్ధతిలో 64 వస్తుంది. అవే మార్కులు తిరగబడి 80, 60, 50, 40గా వస్తే 51. మామూలు సగటు ఇద్దరికీ 57.5 ఇచ్చి ఒకే గాటన కట్టేస్తుంది.

అయితే చివరి పరీక్ష మొదటి పరీక్ష అడిగిన విషయాన్నే మళ్లీ అడగాలి. భిన్నాల్లో 40, జ్యామితిలో 80 వస్తే భిన్నాలు వచ్చేశాయని ఎలా అంటాం? మొదటి ఏడాది నేను చేసిన తప్పు అదే. మంచి గ్రేడు ఇచ్చి పంపిన పిల్లలు సమీకరణాల్లో భిన్నం కనిపించగానే కలం ఆపేశారు. నాకు చాలా బాధేసింది. ఇప్పుడు ఒక్కో నైపుణ్యానికి విడిగా లెక్క వేస్తున్నాను.

ఒక అమ్మ: మా అమ్మాయికి 70, 72, 74 వచ్చాయి. చివరి పరీక్ష రోజు జ్వరం, 40 వచ్చింది. సగటు 64 కావలసింది ఈ లెక్కతో 59.6 అయింది. ఒక్క రోజు జ్వరానికి ఇంత శిక్షా?

ట్యూషన్ చెప్పే అబ్బాయి: ఇవన్నీ ఎందుకండీ? మార్కులను గ్రాఫు మీద పెట్టండి. గీత పైకి వెళ్తుంటే పిల్లవాడు లక్ష్యం చేరినట్టే.

ప్రాథమిక తరగతుల టీచర్: పైకి వెళ్లడం వేరు, వేళకు చేరడం వేరు బాబూ. నిమిషానికి 40 పదాలు చదివే పాప పది వారాల్లో 80కి చేరాలనుకుందాం. అంటే వారానికి 4 పదాలు పెరగాలి. నాలుగు వారాల్లో ఉండవలసినవి 44, 48, 52, 56. పాప చదివినవి 43, 45, 48, 50. ప్రతి వారం పెరిగింది, కానీ లోటు ఒకటి నుంచి ఆరుకు చేరింది. ఇదే వేగంతో వెళ్తే పదో వారానికి 65 దగ్గరే ఆగుతుంది. వరుసగా నాలుగుసార్లు లక్ష్య రేఖకు కింద పడితే నేను బోధన మారుస్తాను, పాప గ్రేడు తగ్గించను. వారం వారం ఇచ్చే పాఠాల కష్టం ఒకేలా లేకపోతే మాత్రం ఆ గీతను నమ్మకండి.

సైన్స్ టీచర్: మా పరీక్షలు నాలుగూ నాలుగు వేర్వేరు పాఠాల మీద. అయితే ముందు ప్రశ్నపత్రాలే మార్చాలి. మరి జ్వరం సంగతి?

లెక్కల మాస్టారు: మళ్లీ రాయనిస్తాను.

ఒక అమ్మ: డాక్టరు ధ్రువపత్రం తేలేని పిల్లలకు కూడానా అండీ?

లెక్కల మాస్టారు: అక్కడ మా బడిలోనూ ఇంకా ఏకాభిప్రాయం లేదమ్మా. అడిగిన అందరికీ అవకాశం ఇవ్వాలని నేనంటాను, నా సహోద్యోగులు ఒప్పుకోవడం లేదు.