అప్‌డేట్: న్యూటన్ పద్ధతి 0, 1 మధ్యే ఎందుకు తిరిగిందో తేలింది

నా ప్రశ్న: "x³ − 2x + 2 = 0 కి 0 దగ్గర మొదలుపెడితే 0, 1, 0, 1 అనే వస్తోంది. కోడ్‌లో తప్పుందా?"

కోడ్ సరిగ్గానే ఉంది. గ్రాఫ్ గీసి చూడమన్న అన్నకి చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి మడివాలలో మా రూమ్‌లో కాగితం మీద గీశాను. x = 0 దగ్గర విలువ 2, వాలు −2. ఆ స్పర్శరేఖ అక్షాన్ని 1 దగ్గర తాకుతుంది. 1 దగ్గర విలువ 1, వాలు 1, కాబట్టి మళ్లీ 0కే వస్తాం.

కొంచెం జరిపి 0.1 పెట్టినా తప్పించుకోలేదు: 1.014, 0.080, 1.009, 0.052... అదే చక్రంలోకి లాగేసింది. 0 దగ్గర రెండో అవకలజం సున్నా కావడమే కారణమట, చిన్న తేడాలు అక్కడ నలిగిపోతాయి. ఇది నాకు నిజంగా కొత్త విషయం.

పనిచేసింది గుర్తు మార్పు చూడటం. −2 దగ్గర విలువ −2, −1 దగ్గర 3. మూలం ఆ మధ్యలోనే ఉండాలి. −2 నుంచి మొదలుపెట్టాను:

```
-2 → -1.8 → -1.76995 → -1.76929
```

దశాంశ స్థానాలు పెంచడం, లూప్‌ని వెయ్యిసార్లు తిప్పడం దేనికీ పనికిరాలేదు.