కానాగడతలు తిన్న అరగంటకే ముఖం ఎర్రబడింది, చేప వాసన మాత్రం రాలేదు

ముషీరాబాద్ వంటిల్లు
ఆదివారం పొద్దున పదకొండింటికి రాంనగర్ మార్కెట్లో కిలో కానాగడతలు కొన్నాను. దారిలో వేరే పనులు చూసుకుని ఇల్లు చేరేసరికి ఒంటిగంట. కడిగి, ఉప్పూ కారం పట్టించి గట్టు మీదే ఉంచాను. వేయించింది రాత్రి ఎనిమిదికి. తింటుంటే నాలుక మీద మిరియాలు నమిలినట్టు చురుక్కుమంది. అరగంటలో నాకూ బాబుకూ ముఖం, మెడ కందిపోయాయి. తలనొప్పి, గుండెదడ కూడా. అవే ముక్కలు తిన్న అత్తయ్యకు ఏమీ కాలేదు. పొద్దుటికి తగ్గిపోయింది. చిన్నప్పటి నుంచీ తింటున్న చేపే, ఇప్పుడు ఎలర్జీ వచ్చిందా?

గోదావరి పిల్లోడు
ముక్క లోపల సరిగా వేగి ఉండదండీ. బాగా వేగితే ఏ క్రిమీ బతకదు.

పాత ఐస్‌ప్లాంట్
క్రిములు చస్తాయి తమ్ముడూ, అవి అప్పటికే తయారుచేసిన, ఎలర్జీలా ముఖం కందేలా చేసే హిస్టమిన్ అనే పదార్థం చావదు. వేయించినా, పులుసు మరిగించినా, ఫ్రీజర్లో పెట్టినా అది పోదు. విశాఖలో చేపల ప్యాకింగ్‌లో పదకొండేళ్లు పనిచేశాను, అక్కడ మా భయమంతా దీని గురించే.

అమ్మా, కానాగడత, సూర, కవ్వలు, వంజరం లాంటి వాటి కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప బతికున్నప్పుడు మొప్పల్లో, పేగుల్లో ఉండే క్రిములు చచ్చాక కండలోకి పాకి, ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తాయి. వెచ్చగా ఉంటే కొన్ని గంటలు చాలు. హిస్టమిన్‌కు వాసన లేదు. మనకు తెలిసే కుళ్లు వాసన వేరే పదార్థాలది, అది రాకముందే ఇది పేరుకుపోవచ్చు. అన్ని ముక్కల్లో సమానంగా ఉండదు కాబట్టే మీ అత్తయ్య తప్పించుకుని ఉంటారు. మీ చేప ఆ తొమ్మిది గంటల్లోనే పాడైందో, మార్కెట్‌కు వచ్చే ముందే ఐస్ తగ్గిందో చెప్పలేను.

ఇకపై మూత ఉన్న థర్మాకోల్ డబ్బా తీసుకెళ్లి ఐస్ వేయించుకోండి. మొప్పలు, పేగులు అక్కడే తీయించండి. ఇంటికి రాగానే 4 డిగ్రీలు దాటని ఫ్రిజ్‌లో పెట్టండి. మసాలా పట్టించినా ఫ్రిజ్‌లోనే నాననివ్వండి, ఉప్పూ కారం కాపాడవు. ఆ రోజే వండేయండి.

నల్లకుంట నాని
నాకు రొయ్యలు తిన్న ప్రతిసారీ దద్దుర్లు వస్తాయి. అవి కూడా ఐస్‌లో పెట్టాలా?

పాత ఐస్‌ప్లాంట్
ప్రతిసారీ వస్తుందంటే మీది ఎలర్జీ అయి ఉండొచ్చు, డాక్టర్‌కు చూపించండి. ఎవరికైనా సరే ఊపిరి ఆడకపోయినా, నాలుక వాచినా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ముషీరాబాద్ వంటిల్లు
గట్టు మీద అంతసేపు ఉంచడం నా పొరపాటే. ఫ్రీజర్లో పెట్టుకోవచ్చా అన్నయ్యా?

పాత ఐస్‌ప్లాంట్
పెట్టొచ్చు, తాజాగా ఉన్నప్పుడే. గడ్డకట్టాక క్రిములు ఆగుతాయి, కరిగితే మళ్లీ మొదలు. అందుకే ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి కరగనివ్వండి.

గోదావరి పిల్లోడు
మరి ఇంటికి తెచ్చిచ్చే ఫ్రోజెన్ వంజరం ముక్కలు దారిలో కరిగి మళ్లీ గడ్డకట్టాయేమో ఎలా తెలుస్తుంది?

పాత ఐస్‌ప్లాంట్
ప్యాకెట్ అడుగున రసం గడ్డలా పేరుకుని, ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటే అనుమానించండి. అలా కనబడకపోయినా పూర్తి భరోసా మాత్రం ఇవ్వలేను.