టీ పొడి నుంచి కెఫీన్: డీసీఎం వాడే ప్రయోగానికి రిస్క్ అసెస్‌మెంట్ ఎలా రాయాలి?

ఎమ్మెస్సీ విద్యార్థిని
కెఫీన్ ప్రయోగంపై నేను రాసిన రిపోర్టును మా సార్ తిప్పి ఇచ్చారు. రిస్క్ అసెస్‌మెంట్ భాగంలో "డైక్లోరోమీథేన్ హానికరం, త్వరగా ఆవిరవుతుంది; గ్లౌజులు, కళ్లద్దాలు ధరించి ఫ్యూమ్ హుడ్‌లో పనిచేయాలి" అని రాశాను. అవి రికార్డులో రాసే జాగ్రత్తలే గానీ అంచనా కాదని సార్ అన్నారు. మేము 10 గ్రాముల టీ పొడిని సోడియం కార్బొనేట్ కలిపిన నీటిలో మరిగించి, చల్లార్చి, 20 మి.లీ. చొప్పున మూడుసార్లు డీసీఎం అనే ఈ డైక్లోరోమీథేన్‌తో కలిపి వేరుచేస్తాం. చివరకు ఆ డీసీఎంను ఆవిరి చేస్తాం. ఇంకేమి రాయాలో తెలిసినవారు చెప్పగలరు.

డిగ్రీ కళాశాల అధ్యాపకుడు
ఈథర్‌లా డీసీఎం సులువుగా అంటుకోదు కాబట్టి మంటల ప్రమాదం గురించి ఎక్కువ రాయనవసరం లేదు. నైట్రైల్ గ్లౌజులు వేసుకుని, కిటికీలు తెరిచి ఉంచితే 60 మి.లీ.కి అది చాలు. వాసన ఘాటుగా వస్తే బయటికి వెళ్లాలని ఒక వాక్యం చేర్చండి.

ఔషధ పరిశ్రమలో భద్రతా విభాగం
మంటల విషయంలో అధ్యాపకుల వారి మాట సరైనదే, కానీ మిగిలిన రెండింటితో నేను ఏకీభవించలేను. పలుచని నైట్రైల్ గ్లౌజులోంచి డీసీఎం కొద్ది నిమిషాల్లోనే లోపలికి దిగుతుంది, కాబట్టి చుక్క పడిన వెంటనే గ్లౌజు మార్చాలని రాయాలి. వాసనను నమ్ముకోవడం కూడా తగదు. ముక్కుకు స్పష్టంగా తెలిసేసరికి గాలిలో దాని మోతాదు పరిమితిని దాటి ఉండవచ్చు, పైగా ఒంట్లోకి చేరిన డీసీఎంలో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది.

అమ్మా, సార్ అడిగిన అంచనా లెక్కతో మొదలవుతుంది. 60 మి.లీ. అంటే సుమారు 80 గ్రాములు, అదంతా 35 డిగ్రీల గదిలో ఆవిరైతే దాదాపు 24 లీటర్ల ఆవిరి వస్తుంది. మీ ల్యాబ్ 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు ఉండి, తలుపులు మూసి ఉన్నాయనుకుంటే గాలిలో సగటున 140 పీపీఎం పైగా ఉంటుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పరిమితి ఎనిమిది గంటల సగటుకు 25 పీపీఎం, పదిహేను నిమిషాలకు 125. ఒక్కరి ద్రావణితోనే ఇంత వస్తే, ఆవిరి చేసే దశ బల్ల మీద జరగకూడదని చెప్పడానికి మీ దగ్గర కారణం ఉన్నట్టే.

రెండో దశ సెపరేటింగ్ ఫన్నెల్. డీసీఎం 40 డిగ్రీలకే మరుగుతుంది. టీ కషాయం గోరువెచ్చగా ఉండగానే పోసి ఊపితే ఒత్తిడి పెరిగి బిరడా ఎగిరిపోతుంది. కషాయాన్ని 20 డిగ్రీల వరకు చల్లార్చి, మెల్లగా తిప్పి, ఫన్నెల్ కాడను హుడ్ లోపలి వైపు ఉంచి మాటిమాటికీ గాలి వదలాలి. గట్టిగా ఊపితే టీలోని పదార్థాల వల్ల నురగ కట్టి పొరలు విడిపోవు, అప్పుడు చేతిలో ఫన్నెల్‌తో గడిపే సమయమూ పెరుగుతుంది.

జూనియర్ కళాశాల ల్యాబ్ అసిస్టెంట్
హుడ్ కొనడానికి మా యాజమాన్యం ఒప్పుకోవడం లేదు, ఏది మంచిదో చెప్పండి. మే నెలలో మా గదిలో ఈథర్ సీసా మూత తీయగానే బుస్సుమంది. ఈథర్ 35 డిగ్రీల లోపే మరుగుతుందని అప్పుడు తెలిసింది.

ఎమ్మెస్సీ విద్యార్థిని
నా ప్రశ్న కొనుగోలు గురించి కాదండీ, అయినా వేసవి సంగతి మాకూ వర్తిస్తుంది. మా హుడ్‌లో సగం భాగం పాత రసాయనాల సీసాలతో నిండి ఉంది. ఇరవై మందికీ అదొక్కటే ఉంది. "హుడ్‌లో చేయాలి" అని రాస్తే నిజం రాసినట్టు అవుతుందా?

ఔషధ పరిశ్రమలో భద్రతా విభాగం
అవదు. అదే మీ రిపోర్టులో అసలు చోటు. వెనుక గోడకు ఉన్న సందులు సీసాలతో మూసుకుపోతే, ఫ్యాను చప్పుడు వినిపిస్తున్నా గాలి సరిగా లాగదు. హుడ్ ముందు పైకీ కిందికీ జరిగే అద్దం తలుపు, అంటే సాష్ అంచున సన్నని కాగితపు పీలిక వేలాడదీస్తే అది లోపలికి వంగాలి. వంగకపోతే పని ఆపాలి. వంగినంత మాత్రాన ఆవిరి బయటికి రాదని మాత్రం హామీ లేదు, గాలి వేగం సెకనుకు సుమారు అర మీటరు ఉందో లేదో మీటరుతో చూడాలి. మరీ ఎక్కువైనా సుడులు రేగి ఆవిరి బయటికే వస్తుంది. బీకరును అంచు నుంచి 15 సెం.మీ. లోపల ఉంచి, సాష్‌ను గుర్తు వరకు దించాలి.

పరిశోధక విద్యార్థి
డీసీఎం బదులు ఇథైల్ ఎసిటేట్ వాడితే ఈ గొడవ తప్పుతుంది కదా?

ఔషధ పరిశ్రమలో భద్రతా విభాగం
విషప్రభావం తగ్గుతుంది, కానీ అది 77 డిగ్రీలకు మరుగుతుంది, సులువుగా అంటుకుంటుంది. హాట్ ప్లేట్ మీద ఆవిరి చేయాల్సి వస్తే మీరు ఒక ప్రమాదాన్ని దించి మరొకదాన్ని ఎత్తుకున్నట్టే. కెఫీన్ కూడా తక్కువగా వస్తుంది. తక్కువ ఒత్తిడిలో ద్రావణిని ఆవిరి చేసి తిరిగి పట్టే రోటావేపర్ ఉంటే నేను అటే మొగ్గుతాను.

పరిశోధక విద్యార్థి
మా దగ్గర రోటావేపర్ ఉన్నా, డిగ్రీ విద్యార్థులను దాని దగ్గరికి రానివ్వరు.

ఎమ్మెస్సీ విద్యార్థిని
ఇలా మార్చి రాశాను: "ఆవిరి చేసే దశలో ఒక్కొక్కరి నుంచి 24 లీటర్ల వరకు ఆవిరి వెలువడవచ్చు. హుడ్‌లోని సీసాలను ముందుగా తీసివేసి, పీలికతో పరీక్షించాక, ఒకసారికి ఇద్దరు మాత్రమే పనిచేస్తారు. గాలి వేగాన్ని కొలవలేదు కాబట్టి కొంత ప్రమాదం మిగిలే ఉంది." ఇద్దరు చొప్పున ఇరవై మందికి మూడు గంటల ప్రాక్టికల్ సరిపోదని సార్ అంటున్నారు. అందరి ద్రావణినీ ఒకే ఫ్లాస్కులో పోసి ఒకేసారి ఆవిరి చేయించడం మేలా, లేక రెండు రోజులకు విడగొట్టమని అడగాలా?