అప్‌డేట్: సాగర్ గేట్ల వీడియోలో నురగ మళ్లీ కనిపిస్తోంది

నా ప్రశ్న: "నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు ఫోనుతో 1080pలో 30 ఫ్రేములతో తీశాను. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు బాగుంది, అప్‌లోడ్ చేశాక నురగ ముద్దగా మారింది. బిట్‌రేట్ ఇంకా పెంచాలా?"

పెంచనవసరం లేదు. నేను 1080pలోనే 50 ఎంబీపీఎస్‌తో, 60 ఫ్రేములకు మార్చి పంపాను. లేని ఫ్రేములు పుట్టవు, ఉన్నవే రెండేసిసార్లు వస్తాయి. పైగా యూట్యూబ్ ప్రతి ఫైలునూ తిరిగి కుదిస్తుంది. కుదింపు ముందు ఫ్రేముతో పోలికను వాడుకుంటుంది. దూకే నీటిలో ఆ పోలికే ఉండదు. అందుకే గోడ స్పష్టంగా ఉండి, తుంపర్లు మాత్రం గడులుగా విడిపోయాయి.

ఈసారి 2560×1440కు పెంచి, 30 ఫ్రేములే ఉంచి, 20 ఎంబీపీఎస్‌తో ఎక్స్‌పోర్ట్ చేశాను. ఆ సైజుకు యూట్యూబ్ సూచించేది 16. మూడు నిమిషాల వీడియో సుమారు 450 ఎంబీ అయింది, నల్లగొండలో మా ఇంటి నెట్‌కు అది భారమే. పెంచడం వల్ల కొత్త వివరం రాదు, కానీ 1440p వెర్షన్‌కు ఎక్కువ బిట్‌రేట్ దక్కుతుంది. యూట్యూబ్‌లో వీడియో సాంకేతిక వివరాలు చూపే Stats for nerds తెరిస్తే, ముందు avc1 అనే పాత కుదింపు పద్ధతి ఉన్నచోట ఇప్పుడు అంతకన్నా మెరుగైన vp09 ఉంది.

పెట్టిన వెంటనే చూసి కంగారుపడకండి, పెద్ద రిజల్యూషన్ తర్వాత వస్తుంది. 480pలో చూసేవారికి మాత్రం నురగ ఇప్పటికీ ముద్దగానే ఉంది.