అప్‌డేట్: మేనేజర్‌గారికి క్యారికేచర్ ఇచ్చేశాం

నేను అడిగింది: "మా ఆఫీస్ మేనేజర్‌గారు రిటైరవుతున్నారు. ఫోటో చూసి గీయించిన క్యారికేచర్ ఇస్తూ ఆయన నొచ్చుకోకుండా ఏం మాట్లాడాలి?"

నిన్న సాయంత్రం ద్వారకానగర్‌లో ఫంక్షన్ బాగా జరిగింది. పాస్‌పోర్ట్ ఫోటోలో ముఖం చదునుగా కనిపిస్తుంది కాబట్టి, కిటికీ వెలుగులో కాస్త పక్కకి తిరిగి నవ్వుతున్న ఫోటో ఆర్టిస్టుకి పంపాం. అందులో ముక్కు, దవడ, కళ్ల పక్కన నవ్వు ముడతలు స్పష్టంగా తెలుస్తాయి. బట్టతల, పొట్ట జోలికి వెళ్లొద్దన్నాం. నుదుటి మీదికి తోసుకునే కళ్లజోడు మాత్రం ఎంత పెద్దగా గీసినా సరేనన్నాం, అది ఆయన అలవాటు కదా. వెనకాల కైలాసగిరి వేయించాం.

బొమ్మ కనబడితే ఇక ఎవరూ మాట వినరు. అందుకే గుడ్డ కప్పి ఉంచి ముందు మాట్లాడాను:

"సార్, బిల్లు మీద సంతకం పెట్టేముందు మీ కళ్లజోడు కిందికి దిగేది. దిగిందంటే మా తప్పు దొరికినట్టే. కానీ ఆ తప్పు ఏనాడూ మీ గది దాటి బయటికి రాలేదు. అందుకే ఆ కళ్లజోడునే పెద్దగా గీయించాం."

గుడ్డ వాళ్లావిడగారి చేత తీయించాం. ముందు ఆవిడే పకపకా నవ్వేశారు. దాంతో సార్ కూడా నవ్వి, కళ్లజోడు దించుకుని మరీ బొమ్మ చూశారు.