ముఖాలు గుర్తుపట్టలేకపోవడం లోపమా, ఒకే కొలతకు కింది కొసా?

శ్రావణి: కొందరు సొంతవాళ్ల ముఖాలే గుర్తుపట్టలేరు. సూపర్ రికగ్నైజర్లనేవాళ్లు ఒక్కసారి చూసిన ముఖాన్ని ఏళ్ల తర్వాత కూడా పట్టేస్తారు. వీళ్లు ఒకే సామర్థ్యానికి రెండు కొసలా? లేక గుర్తుపట్టలేకపోవడం విడిగా ఒక లోపమా?

రమణమూర్తి: లోపమే. మెదడు కుడివైపు అడుగున ముఖాలతో పనిచేసే భాగం ఒకటుంది. స్ట్రోక్ వచ్చి అక్కడ దెబ్బతింటే భార్య ముఖం కూడా తెలియకపోవచ్చు, గొంతు వింటే తెలుస్తుంది. 1947లో జర్మన్ డాక్టర్ బోడామర్ తలకు గాయాలైనవాళ్లను చూసే దీనికి ప్రొసోపాగ్నోసియా అని పేరు పెట్టాడు. ఇందులో కొసల మాటెక్కడిది?

సురేష్: నాకూ ఉంది. ముఖం తెలుస్తుంది, పేరే నోటికి రాదు.

విజయ్: సురేష్, అది పేరు గుర్తురాకపోవడం. ఇక్కడ ముఖమే కొత్తగా ఉంటుంది.

రమణమూర్తి గారూ, గాయమైనవాళ్ల విషయంలో మీరన్నది నిజం. కానీ పుట్టుకతోనే ఇలా ఉన్నవాళ్లకు మామూలు స్కాన్‌లో ఏ దెబ్బా కనిపించదు. వాళ్లకు కేంబ్రిడ్జ్ ముఖాల పరీక్ష పెడతారు. జుట్టు కనపడకుండా కత్తిరించిన ఆరు ముఖాలు చూపించి, తర్వాత ముగ్గురిలో ఇందాక చూసినదెవరో చెప్పమంటారు. మొదట అవే ఫోటోలు, తర్వాత వేరే వైపు నుంచి వేరే వెలుతురులో తీసినవి, చివర్లో చుక్కలు చల్లి మసకబార్చినవి. మొత్తం 72 ప్రశ్నలు. ఊహించి చెప్పినా 24 వస్తాయి. మామూలువాళ్లకు సగటున 58 వస్తాయి. 42 దగ్గరికి పడిపోతే అనుమానిస్తారు.

2009లో రస్సెల్, డుషేన్, నకయామా నలుగురు సూపర్ రికగ్నైజర్లను పరీక్షించారు. వాళ్లకు ఇది చాలక ప్రశ్నలను 102కు పెంచాల్సి వచ్చింది. ముఖాంధులు, అంటే ముఖాలు గుర్తుపట్టలేనివాళ్లు, సగటుకు ఎంత కింద ఉంటారో వీళ్లు దాదాపు అంత పైన తేలారు. నాకు ఇంకా ముఖ్యమనిపించేది తలకిందుల పరీక్ష. ఫోటో తిప్పేస్తే ఎవరికైనా కష్టమే, కానీ బాగా గుర్తుపట్టేవాళ్లే ఎక్కువ నష్టపోయారు, ముఖాంధులు తక్కువ. అంటే కళ్లు, ముక్కు, నోరు విడివిడిగా కాకుండా ముఖాన్ని మొత్తంగా పట్టుకునే నేర్పులోనే తేడా ఉందనిపిస్తుంది. అందుకే నా ఓటు ఒకే కొలతకు.

లక్ష్మి: మా తోటికోడలు జడ తీసేసి జుట్టు కత్తిరించుకుంది. గుళ్లో ఎదురైతే నేను గుర్తుపట్టక పలకరించలేదు, నాకు పొగరన్నారు. ఇన్నేళ్లుగా జడ, నడక చూసే పోల్చుకుంటున్నానని అప్పుడు తెలిసింది. నాకు ఏ దెబ్బా తగల్లేదు.

రమణమూర్తి: సరే విజయ్, పుట్టుకతో ఉన్నవాళ్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇద్దరికీ 40 వస్తే ఇద్దరిదీ ఒకే కారణమని ఎలా చెప్తావు?

విజయ్: చెప్పలేను. ఒకరికి పక్కపక్కన పెట్టిన రెండు ఫోటోలు ఒకే మనిషివని కూడా తెలియదు. ఇంకొకరికి అది తెలుస్తుంది, ఫోటోలు తీసేశాక ముఖం నిలవదు. మార్కులు మాత్రం ఒకటే.

లక్ష్మి: ఇప్పుడే ఆల్బమ్‌లో ఆవిడవి, మా ఆడపడుచువి ఫోటోలు కలిపేసి పక్కపక్కన పెట్టి చూశాను. ఎవరివెవరివో తేలిగ్గానే తేలింది. మరి గుళ్లో ఎందుకు తెలియలేదు?

విజయ్: బట్టలూ జడా కనపడకుండా, ముఖం వరకే వదిలి మిగతాదంతా కాగితంతో మూసి మళ్లీ చూడండి.